ఉప్మా పెట్టిన ఊళ్ళు, పెట్టని ఊళ్ళు

1987 నుంచి 1990 దాకా మా రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదుకి దగ్గర్లో ఉన్న 29 ఊళ్ళలో ఒక ప్రయోగం జరిగింది. 15 ఊళ్ళలో గర్భిణులకి, ఆరేళ్ళ లోపు పిల్లలకి రోజూ ఉప్మా వండి పెట్టారు. మిగతా 14 ఊళ్ళలో పెట్టలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు (అందరూ ‘నిన్’ అంటారు) రెండు వైపులా పుట్టిన పిల్లల బరువులు నమోదు చేసుకున్నారు. దానికి తర్వాత ‘హైదరాబాద్ న్యూట్రిషన్ ట్రయల్’ అన్న పేరు స్థిరపడింది.

నేను ఇంజనీరింగు చదివిందీ, ఇప్పుడు ఉద్యోగానికి పోయి వస్తున్నదీ ఇబ్రహీంపట్నం వైపే. కాలేజీ బస్సులు, ఆదిబట్ల ఆఫీసు క్యాబులు, వెంచర్ల బోర్డులు, ఇవన్నీ ఉన్న ఈ జిల్లాలో అలాంటిదొకటి జరిగిందని చాలా ఏళ్ళు నాకు తెలీదు. తెలిశాక నా బుర్రలో తిరిగిన మొదటి ప్రశ్న పోషకాహారం గురించి కాదు. వృత్తిదోషం కొద్దీ ప్రయోగపు నిర్మాణం గురించి. ఒక ఊరి ఆడవాళ్ళని ఇంకో ఊరి ఆడవాళ్ళతో ఎందుకు పోల్చారు? ఊరూ ఊరూ ఒకటి కాదు కదా. ఒకచోట బోరుబావులుంటాయి, ఒకచోట ఉండవు. ఒక ఊరు సడక్ మీద ఉంటుంది, ఇంకోటి లోపలికి ఉంటుంది. అదే మనిషిని ఆ మనిషితోనే పోలిస్తే ఈ గొడవే ఉండదు. ఆ పని ఎందుకు చెయ్యలేదు?

ఈ ప్రశ్నకి జవాబు తెలుసుకోవాలంటే ఒక పాత కథ చెప్పుకోవాలి. అది మనుషుల నిద్ర దగ్గర మొదలై, ఆవుల దాణా మీదుగా నడిచి, తమిళనాడు చెరుకు తోటల దాకా వెళ్తుంది.

*

1905లో కష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, కలమజూ అనే ఊరి మానసిక చికిత్సాలయంలో నిద్రమందులని పరీక్షించారు. అందులో 10 మంది రోగుల లెక్కలని 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో రాసే గాసెట్ తన ప్రఖ్యాత వ్యాసంలో వాడుకున్నాడు. గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి ఆయన. ఆ పది జతల అంకెలు ఇప్పటికీ ‘ఆర్’ అనే గణాంకాల భాషలో `sleep` అన్న పేరుతో ఉన్నాయి. ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకోవచ్చు.

మొదటి మందుతో రోగులు సగటున 0.75 గంట ఎక్కువ నిద్రపోయారు. రెండో మందుతో 2.33 గంటలు ఎక్కువ. తేడా గంటన్నర పైనే. కానీ మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా అంతకన్నా చాలా పెద్దది. అదే మొదటి మందుతో ఒకాయనకి 3.7 గంటల నిద్ర పెరిగితే ఇంకొకాయనకి 1.6 గంటలు తగ్గింది. ఇప్పుడు ఇవి పది మంది లెక్కలని మర్చిపోయి, ఇరవై మంది వేర్వేరు మనుషులవి అనుకుందాం. పది మందికి ఒక మందు, ఇంకో పది మందికి ఇంకో మందు. అప్పుడు ఆ గంటన్నర తేడా ఈ గలాటాలో దాదాపు మునిగిపోతుంది. ఎవరి తేడా వాళ్ళలోనే చూస్తే మాత్రం బొమ్మ మారిపోతుంది. పది మందిలో తొమ్మిది మంది రెండో మందుతోనే ఎక్కువ నిద్రపోయారు, ఒకరికి తేడా లేదు. ఎదురు తిరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

```r
t.test(extra ~ group, data = sleep)
with(sleep, t.test(extra[group == 1],
                   extra[group == 2], paired = TRUE))
```

మొదటి వరస వాళ్ళని వేర్వేరు మనుషులుగా చూస్తుంది. వచ్చే పి-విలువ 0.079. అంటే మందుల మధ్య నిజంగా తేడా ఏమీ లేకపోయినా, కేవలం అదృష్టం కొద్దీ ఇంత తేడా కనిపించే అవకాశం వందలో ఎనిమిది. రెండోది జతలుగా చూస్తుంది. పి-విలువ 0.0028, అంటే వెయ్యిలో మూడు కూడా లేదు. అంకెలు అవే, ఎవరిని ఎవరితో పోల్చామన్నదే మారింది.

ఒకే మనిషికి అన్ని షరతులూ ఇచ్చి చూడటాన్ని ‘వితిన్-సబ్జెక్ట్స్’ అంటారు. ఒక్కో షరతుకి ఒక్కో గుంపుని పెట్టుకోవడం ‘బిట్వీన్-సబ్జెక్ట్స్’. మా ఆఫీసులో యాప్ బటన్ రంగు మార్చి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చూపించే ఏ/బీ టెస్టు ఈ రెండో రకం. లక్షల మంది వాడేవాళ్ళుంటే అది సులభం. పది మంది రోగులే ఉన్నవాళ్ళకి ఆ విలాసం లేదు. వాళ్ళకి మొదటి దారి ప్రాణం.

కాకపోతే కలమజూ వైద్యులు ఒక జాగ్రత్త పాటించారు. సాధారణంగా మందు రాత్రి విడిచి రాత్రి ఇచ్చారు. మధ్య రాత్రి ఏ మందూ లేదు. నిన్నటి మందు ఇవాళ్టి నిద్రలో ఇంకా పనిచేస్తుంటే, ఇవాళ్టి లెక్క ఏ మందు ఖాతాలో రాయాలి? ఆ ఖాళీ రాత్రికి ఇప్పుడు ‘వాష్‌అవుట్’ అని పేరుంది, కడిగేసుకోవడం అన్నమాట. అలా కడగనప్పుడు ముందు ఇచ్చినది తర్వాతి దాంట్లోకి లాక్కొచ్చే శేషాన్ని ‘క్యారీఓవర్’ అంటారు. నేను దాన్ని మిగులు అంటాను, పలకడానికి బాగుంటుంది.

*

మిగులుని గుర్తుపట్టి, దాన్ని ఎదుర్కోవడానికి పద్ధతిగా ఒక అమరిక తయారుచేసుకున్నవాళ్ళలో పాడి పరిశోధకులు ముందుంటారు. ఆవుని కొనడం ఖరీదు. ఒక ఆవు పది లీటర్లిస్తే పక్క ఆవు ఐదే ఇస్తుంది. అందుకని ఒకే ఆవుకి వరసగా రకరకాల మేత పెట్టి చూడటం వాళ్ళకి సహజంగా తోచింది. కానీ అక్కడ రెండు చిక్కులున్నాయి. ఈనిన తర్వాత నెలలు గడిచేకొద్దీ ఏ ఆవుకైనా పాలు తగ్గుతూ వస్తాయి. కాబట్టి చివర్లో పెట్టిన మేతకి ఊరికే చెడ్డపేరొస్తుంది. ఇది వరస వల్ల వచ్చే తేడా. రెండోది, నెలకి పైగా ఒట్టి గడ్డి తిని చిక్కిన ఆవు, దాణా మొదలుపెట్టగానే పాలు దూకించదు. ముందు తన ఒళ్ళు పూడ్చుకుంటుంది. ఇది మిగులు.

1941లో అయోవాలో కాక్రన్, ఆట్రీ, కానన్ అనే ముగ్గురు మూడు మేతలతో (గడ్డి మాత్రమే, కొంచెం దాణా, నిండుగా దాణా) వేసిన ప్రయోగంలో ఈ రెండిటికీ సమాధానం ఉంది. గడ్డిని గ అని, కొంచెం దాణాని కొ అని, నిండు దాణాని ని అని పిలుద్దాం. మూడు ఆవులకి మూడు వరసలు:

గ కొ ని
కొ ని గ
ని గ కొ

ప్రతి మేతా ఒకసారి ముందు, ఒకసారి మధ్యలో, ఒకసారి చివర వచ్చింది. పాలు తగ్గే కాలం భారం మూడిటి మీదా సమానంగా పడింది. మొదటి చిక్కు తీరింది. ఇలా వరసలు పంచి ఏ షరతుకీ స్థానబలం లేకుండా చెయ్యడమే కౌంటర్‌బ్యాలెన్సింగ్. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఏది దేని వెనకాల వచ్చిందో చూడండి. కొంచెం దాణా వచ్చినప్పుడల్లా దాని ముందున్నది గడ్డే. నిండు దాణా ఎప్పుడూ కొంచెం దాణా వెనకే. గడ్డి ప్రతిసారీ నిండు దాణా తర్వాతే, అంటే బాగా తిన్న ఒంటితోనే గడ్డి దగ్గరికి వస్తోంది. గడ్డి నిజానికి ఉన్నదానికంటే మంచిదిగా కనబడుతుంది. అందుకని ఇంకో మూడు ఆవులకి ఈ వరసల్నే తిప్పి రాశారు:

ని కొ గ
గ ని కొ
కొ గ ని

ఇప్పుడు ఆరు వరసలూ కలిపి చూస్తే ప్రతి మేతా మిగతా రెండిట్లో ప్రతిదాని వెనకాలా సరిగ్గా రెండేసి సార్లు వచ్చింది. వేలితో లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడు మేత ప్రభావం ఎంత, దాని ముందటి మేత మిగులు ఎంత అన్నది విడదీసి అంచనా వెయ్యొచ్చు. 1949లో ఆస్ట్రేలియాలో విలియమ్స్ దీన్ని ఎన్ని షరతులకైనా వర్తించేలా చేశాడు. షరతుల సంఖ్య సరిసంఖ్య అయితే అన్ని వరసలే చాలు, బేసి అయితే దానికి రెట్టింపు కావాలి. నలుగురు మనుషులతో నాలుగు షరతులు పరీక్షించే వరసలు ఆయన పద్ధతిలో కాగితం మీద ఐదు నిమిషాల్లో రాసుకోవచ్చు. సుడోకు ఆడేవాళ్ళకి ఇంకా తొందరగా వస్తుంది.

*

ఇదంతా చదివాక వరసలు తిప్పితే చాలు, ఒకే మనిషిని వాడుకోవడమే మేలు అనిపిస్తుంది. అలా అనిపించడంలోనే ప్రమాదం ఉంది. మన సాహిత్య వాసన ఉన్న ఉదాహరణ ఒకటి కల్పించి చెప్తాను. అంకెలు నావే, ఎక్కడా జరిగినవి కావు.

గ్రాంథికంలో ఉన్న ఒక కథ, అదే కథ వ్యావహారికంలో. ఈతరం పాఠకుడికి ఏది చదవడానికి ఎంతసేపు పడుతుంది? మొదటిసారి చేతికిస్తే గ్రాంథికం 20 నిమిషాలు, వ్యావహారికం 14 నిమిషాలు అనుకుందాం. నిజమైన తేడా 6 నిమిషాలు. పాఠకులు తక్కువ ఉన్నారని ఇద్దరు ఇద్దరుగా కాక, అందరికీ రెండూ ఇచ్చాం. సగం మంది గ్రాంథికం ముందు, సగం మంది వ్యావహారికం ముందు. పద్ధతిగానే కౌంటర్‌బ్యాలెన్స్ చేశాం.

రెండోసారి చదివేటప్పుడు కథ తెలిసిపోతుంది కాబట్టి ఎవరికైనా తొందరగా అవుతుంది. రెండు వైపులా ఆ లాభం సమానంగా 3 నిమిషాలే అనుకోండి. గ్రాంథికానికి 20, 17. సగటు 18.5. వ్యావహారికానికి 14, 11. సగటు 12.5. తేడా అదే 6. కౌంటర్‌బ్యాలెన్సింగ్ తన పని తాను చేసింది.

కానీ లాభం సమానంగా ఎందుకుంటుంది? వ్యావహారికంలో ముందు చదివినవాడికి కథే కాదు, గ్రాంథికంలో అర్థం కాని మాటలకి అర్థం కూడా చేతిలో ఉంటుంది. ఒకరకంగా టీకాతాత్పర్యం ముందే చదివాడు. వాడు గ్రాంథికాన్ని 15 నిమిషాల్లో ముగిస్తాడు, 5 నిమిషాల లాభం. గ్రాంథికం ముందు చదివినవాడికి వ్యావహారికంలో కలిసొచ్చేది కథ తెలియడం ఒక్కటే. 12 నిమిషాలు, 2 నిమిషాల లాభం. ఇప్పుడు గ్రాంథికం సగటు 17.5, వ్యావహారికం సగటు 13. తేడా 4.5 నిమిషాలు. ఒకటిన్నర నిమిషం ఎక్కడో తప్పిపోయింది. ఎంతమంది పాఠకులని చేర్చినా అది తిరిగి రాదు. ఎక్కువమంది చేరేకొద్దీ మనం తప్పు అంకెనే మరింత ధీమాగా చెప్తాం.

పౌల్టన్, ఫ్రీమన్ అనే ఇద్దరు 1966లో ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశారు. రెండు వైపులా సమానం కాని బదిలీ ఉన్నచోట సమతూకం చేసిన ప్రయోగమూ అబద్ధం చెప్పగలదని మనస్తత్వ శాస్త్రజ్ఞులకి హెచ్చరిక అది. కౌంటర్‌బ్యాలెన్సింగ్ తక్కెడ లాంటిది. రెండు పళ్ళేల్లోనూ ఒకే బరువు అదనంగా వేస్తే ముల్లు కదలదు. ఒక పళ్ళెంలో ఐదూ ఇంకో దాంట్లో రెండూ వేస్తే ఏమవుతుందో కిరాణా కొట్టులో ఏ పిల్లవాడైనా చెప్తాడు.

దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఒక్కో మనిషి రెండు సమయాలనీ కలపండి. గ్రాంథికం ముందు చదివినవాళ్ళకి 20, 12 కలిపితే 32. వ్యావహారికం ముందు చదివినవాళ్ళకి 14, 15 కలిపితే 29. రెండు గుంపులూ చదివినవి అవే రెండు పాఠాలు, కాబట్టి మొత్తాలు సమానంగా రావాలి. రాలేదంటే మిగులు సమానంగా లేదు. లాభం సమానమనుకున్న లెక్కలో చూడండి, రెండు వైపులా 31 వచ్చింది. గ్రిజిల్ అనే గణాంక శాస్త్రవేత్త 1965లో దీన్నే ఒక పద్ధతిగా పెట్టాడు. ముందు మొత్తాలని పోల్చు, తేడా ఉంటే రెండో విడతని పక్కనపెట్టి మొదటి విడత లెక్కలతోనే సరిపెట్టుకో అన్నాడు. కొన్నేళ్ళు మందుల పరీక్షల్లో ఇదే ఆనవాయితీ అయింది.

వినడానికి బాగానే ఉంది కానీ ఇందులో కిటుకు గమనించండి. మొత్తాలని పోల్చడమంటే ఒక గుంపుని ఇంకో గుంపుతో పోల్చడమే. కలమజూలో చూసిన గలాటా అంతా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. చురుగ్గా చదివేవాళ్ళు నలుగురు ఒక గుంపులో పడితే చాలు, 3 నిమిషాల తేడా కనబడదు. కొద్దిమంది చాలని ఒకే మనిషి పద్ధతి ఎంచుకున్నాం కదా, ఆ కొద్దిమందితో మిగులుని పట్టుకోవడం కుదరదు. ఇంకా ఉంది. మిగులు కనబడ్డప్పుడు మొదటి విడతనే వాడమంటున్నాడంటే, చివరికి మనం చేస్తున్నది బిట్వీన్-సబ్జెక్ట్స్ ప్రయోగమే. అదీ మనకి కావలసిన మందిలో సగంతోనో పావుతోనో. 1989లో ఫ్రీమన్ ఈ రెండంచెల పద్ధతిని లెక్కకట్టి, లేని తేడాని ఉన్నట్టు చూపించే అవకాశం అది చెప్పుకునేదానికన్నా ఎక్కువని నిరూపించాక దాని ప్రతిష్ఠ పోయింది. మిగులు ఉందో లేదో అంకెల్ని అడిగి తేల్చుకోవడం కాదు, విషయం తెలిసినవాళ్ళు ప్రయోగానికి ముందే ఆలోచించి తేల్చుకోవాలి. మన కథ విషయంలో ఆ ఆలోచన కష్టం కాదు. ఒకే కథని రెండుసార్లు ఇవ్వకుండా రెండు వేర్వేరు కథలు తీసుకుని, ఏ కథ ఏ భాషలో అన్నది కూడా మనుషుల మధ్య తిప్పితే మిగులు చాలావరకు పోతుంది.

*

ఒక్కోసారి వరస తిప్పడం మన చేతిలో ఉండదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన మన పొరుగునే జరిగింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ ఝావో తమిళనాడులోని 54 ఊళ్ళలో 464 మంది చెరుకు రైతులని తీసుకున్నారు. చెరుకు రైతుకి డబ్బు ఏడాదికోసారి ఒక్కసారే వస్తుంది. కోతకి ముందు చేబదుళ్ళు, తాకట్లు. కోత తర్వాత చేతిలో పైకం. అదే రైతుకి ముందొకసారి, తర్వాత ఒకసారి బొమ్మల పజిల్స్ లాంటి బుద్ధి పరీక్షలు పెట్టారు. కోత తర్వాత అవే రైతులు బాగా చేశారు. చేతిలో డబ్బు లేని దిగులు మనసులో చోటు ఆక్రమిస్తుందని వాళ్ళు దీన్నుంచి వాదించారు.

ఇక్కడ తక్షణం వచ్చే అనుమానం ఒకటే. రెండోసారి పరీక్ష కదా, అలవాటు వల్ల బాగా చేసి ఉండొచ్చు కదా? సగం మందికి కోత ముందు, పేదరికం తర్వాత అని తిప్పుదామంటే చెరుకు మన మాట వినదు. (ఈ కోత అయ్యాక మొదలుపెట్టి వచ్చే కోతకి ముందు రెండో పరీక్ష పెట్టొచ్చు, కానీ ఏడాది ఆగాలి.) వాళ్ళు వేరే దారి ఎంచుకున్నారు. యాదృచ్ఛికంగా 100 మంది రైతులని మొదట్లో ముట్టుకోకుండా అట్టేపెట్టి, కోత తర్వాతే మొదటిసారి పరీక్షించారు. వీళ్ళకి అలవాటన్నది లేదు. వీళ్ళని కోతకి ముందు మొదటిసారి రాసినవాళ్ళతో పోల్చినా తేడా అలాగే నిలబడింది. అంటే ఒకే మనిషి ప్రయోగం లోపల ఒక చిన్న గుంపుల ప్రయోగాన్ని కాపలా పెట్టారు. పంచదార మిల్లులు అందరి చెరుకూ ఒకేసారి కొట్టించవు కాబట్టి, ఒకే నెలలో కొందరు కోతకి ముందు, కొందరు తర్వాత ఉన్నారు. ఫలానా నెలలో పండగ వల్లో ఎండ వల్లో తేడా వచ్చిందనే మాటకి కూడా అలా అడ్డుకట్ట పడింది. నాకు ఈ పరిశోధన తీర్మానం కన్నా ఆ 100 మంది రైతులే ఎక్కువ నచ్చారు.

*

ఇప్పుడు మన జిల్లాకి తిరిగి వద్దాం. ఒకే తల్లికి ఒక కాన్పులో ఉప్మా పెట్టి, ఇంకో కాన్పులో పెట్టకుండా చూస్తే? వరస కూడా తిప్పి, సగం మందికి ముందు కాన్పులో, సగం మందికి తర్వాతి కాన్పులో? కాగితం మీద ఇది ఆవుల ప్రయోగమే. కానీ తొమ్మిది నెలలు బాగా తిన్న ఒళ్ళు తర్వాతి కాన్పుకి ఖాళీ పలకలా తయారవదు. ఎన్నాళ్ళు కడిగితే అది పోతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లల సంగతి ఇంకా స్పష్టం. రెండేళ్ళ వయసులో తిండి అందిన పిల్లవాడిని, తిండి అందని రెండేళ్ళ పిల్లవాడిగా మార్చి మళ్ళీ చూడలేం. బాల్యం ఒక్క విడతే. నిద్రమందు విషయంలో మిగులు అడ్డం, దాన్ని కడిగెయ్యాలి. ఇక్కడ తెలుసుకోవాలనుకున్నదే మిగులు. చిన్నప్పటి ముద్ద పదిహేనేళ్ళ తర్వాత ఒంట్లో ఏమైనా మిగిల్చిందా? ఆ ప్రశ్నకి ఒకే మనిషి పద్ధతి పనికిరాదు. ఊరిని ఊరితో పోల్చక తప్పదు.

తప్పనిసరైనంత మాత్రాన ఖర్చు తగ్గదు. ఈ ప్రయోగంలో ఏ ఊరికి ఉప్మా అన్నది చీటీలు వేసి నిర్ణయించలేదు. 1975లో దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంచెలంచెలుగా విస్తరిస్తోంది. అది అప్పటికే వచ్చిన ప్రాంతం ఒకటి, ఇంకా రాని పొరుగు ప్రాంతం ఒకటి తీసుకున్నారు. ఎవరి నోటి దగ్గరి కూడూ లాక్కోలేదు, అది మెచ్చుకోవాలి. కానీ పథకం ముందుగా ఒక ప్రాంతానికే ఎందుకొచ్చింది అన్న ప్రశ్న మిగిలిపోతుంది. పైగా పథకంతో పాటు అంగన్వాడీ చదువు, ఆరోగ్య సేవలు, రక్తహీనతకి మాత్రలు కూడా వచ్చాయి. తేడా కనబడితే అది ఉప్మా గొప్పో, మాత్రల గొప్పో విడదీసి చెప్పలేం. ఇంకొకటి, పిల్లలు వందల్లో ఉన్నా ఊళ్ళు 29 మాత్రమే. ఒక ఊరి పిల్లలు ఒకే నీళ్ళు తాగి, ఒకే బడికి పోయి ఒకరినొకరు పోలి ఉంటారు. కాబట్టి లెక్క కట్టేటప్పుడు వెయ్యి మందిని వెయ్యి విడి సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. ఆ పోలికని విశ్లేషణలో పరిగణించాలి, అప్పుడు అంకె చుట్టూ అనిశ్చితి వెడల్పవుతుంది.

2003-05లో ఆ పిల్లల్నీ తల్లుల్నీ మళ్ళీ వెతికి పట్టుకున్నారు. 13 నుంచి 18 ఏళ్ళ వయసున్న 1165 మంది ఫలితాలని 2008లో సంజయ్ కిన్రా, నిన్ శాస్త్రవేత్తలు, ఇతర సహచరులు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రచురించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అనిశ్చితిని కూడా చెప్పాలంటే అది 4 నుంచి 23 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇన్సులిన్‌కి ఒళ్ళు మొండికేసే లక్షణం వాళ్ళలో సుమారు 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసుతనం కొంచెం తక్కువ. ఒంట్లో కొవ్వు, కండ పాళ్ళు మాత్రం రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేని ఆ పొడుగు, ఏ ఒక్క పిల్లవాడినీ ఎదురుగా నిలబెట్టి చూస్తే కనబడదు. పదిహేనేళ్ళ తర్వాత కూడా మిగలడమే అందులో విశేషం.

ఆ తర్వాత అధ్యయనాన్ని పెద్దది చేస్తూ 2010-12లో ఆ పిల్లల అమ్మానాన్నల్నీ తోబుట్టువుల్నీ కూడా చేర్చుకున్నారు. ఈ తోబుట్టువుల దగ్గర నా బుర్ర మళ్ళీ ఆగింది. ఒకే ఇంట్లో పథకం రాకముందు పుట్టిన అక్క, వచ్చాక పుట్టిన తమ్ముడు ఉన్నారనుకోండి. తల్లి ఒకటే, ఇల్లు ఒకటే, ఊరి నీళ్ళు ఒకటే. ఒకే మనిషిని కాకపోయినా ఒకే తల్లిని తనతో తాను పోల్చినట్టే. ఊరికీ ఊరికీ ఉన్న తేడాలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. కానీ వరస చూడండి. ఉప్మా అందినవాడు ప్రతి ఇంట్లోనూ చిన్నవాడే. తొలి కాన్పు బిడ్డ బరువు మామూలుగా తర్వాతి కాన్పుల బిడ్డల కంటే తక్కువ ఉంటుంది. మధ్యలో గడిచిన ఏళ్ళలో ఊరికి బస్సూ కరెంటూ వచ్చి ఉంటాయి. తమ్ముడు పొడుగైతే అది ఉప్మాదా, పుట్టిన వరసదా? తమ్ముణ్ణి అక్క కంటే ముందు పుట్టించి కౌంటర్‌బ్యాలెన్స్ చెయ్యలేం కదా.

దీనికి నాకు తోచే దారి చెరుకు రైతుల దగ్గర్నుంచి నేర్చుకున్నదే. పథకం ఇంకా రాని 14 ఊళ్ళలోనూ అలాంటి అక్కా తమ్ముళ్ళుంటారు. వాళ్ళలో ఇద్దరికీ ఉప్మా లేదు, వరస తేడా మాత్రం ఉంది. ఆ ఇళ్ళలో అక్కకీ తమ్ముడికీ మధ్య తేడా ఎంతో కొలిచి, 15 ఊళ్ళ ఇళ్ళలోని తేడాలోంచి తీసేస్తే మిగిలేది పథకం వాటా కావాలి. కాలం, కాన్పు వరస రెండు ప్రాంతాల్లోనూ ఒకేలా పనిచేశాయని నమ్మితేనే సుమా. అది నమ్మొచ్చో లేదో చెప్పగలిగేది ఏ టెస్టూ కాదు, ఆ ఊళ్ళలో ఆ రోజుల్లో ఏ రోడ్డు ఎప్పుడు పడిందో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో తెలిసినవాళ్ళు.